ఏడాది బీమా ప్రీమియాన్ని ముందస్తు నిల్వగా, నెలవారీ ఖర్చుగా విడదీయడం ఎలా?

ఏడాదికి సరిపడా బీమా ప్రీమియం ఒకేసారి కట్టేశాం, దాన్ని పుస్తకాల్లో ఎలా చూపాలి అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. పన్నెండుతో భాగిస్తే సరిపోతుంది కదా అన్నది చాలామంది మాట. పాలసీ నెల మొదటి తేదీన మొదలైతే దాదాపుగా అది నిజమే. కానీ పాలసీలు తరచుగా నెల మధ్యలో మొదలవుతాయి, డబ్బు అంతకంటే ముందే చెల్లిస్తారు, ఖాతాల సంవత్సరమేమో ఈ రెండింటితో సంబంధం లేని మరో తేదీన ముగుస్తుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. అందుకే ఇక్కడ నెల మధ్యలో మొదలైన ఒక పాలసీని తీసుకుని, మొదటి పద్దు నుంచి నిల్వ సున్నా అయ్యేవరకు లెక్క కట్టి చూపుతున్నాను.

ఈ పద్ధతి ఖర్చును అది చెందిన కాలానికే రాసేవారికి వర్తిస్తుంది. నగదు చేతులు మారినప్పుడే ఖర్చు రాసే పద్ధతిలో ఖాతాలు నిర్వహించేవారికి ఈ విభజన అవసరం లేదు. అలాగే పొదుపు లేదా పెట్టుబడి భాగం కలిసి ఉండే జీవిత బీమా పాలసీలకు దీన్ని వాడకండి. ఇది ఆస్తి, వాహనం, సరుకు, బాధ్యత వంటి కేవలం రక్షణ ఇచ్చే పాలసీల కోసం.

దగ్గర ఉంచుకోవలసినవి

- పాలసీ పత్రం. రసీదు ఒక్కటే చాలదు, ఎందుకంటే రక్షణ మొదలయ్యే, ముగిసే తేదీలు పాలసీ పత్రంలోనే కచ్చితంగా ఉంటాయి.
- ప్రీమియం బిల్లు. అందులో మూల ప్రీమియం, పన్ను, ఇతర రుసుములు విడివిడిగా కనిపించాలి.
- చెల్లింపు తేదీ చూపే బ్యాంకు స్టేట్‌మెంటు.
- ఆవర్జాలో రెండు ఖాతాలు: ఆస్తుల కింద “ముందుగా చెల్లించిన బీమా”, ఖర్చుల కింద “బీమా ఖర్చు”.
- ఒక స్ప్రెడ్‌షీట్.

మన ఉదాహరణ

ప్రీమియం 43,800. చెల్లించిన తేదీ 2024 జూలై 29. పాలసీ కాలం 2024 ఆగస్టు 11 నుంచి 2025 ఆగస్టు 10 వరకు, రెండు తేదీలూ కలుపుకుని. ఖాతాల సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుందని అనుకుందాం. మీ సంవత్సరం మరే నెలలో ముగిసినా లెక్క కట్టే తీరు మారదు, నిల్వను చదివే వరుస మాత్రమే మారుతుంది.

1. విభజించవలసిన మొత్తాన్ని తేల్చుకోండి

బిల్లు అడుగున ఉన్న మొత్తాన్ని కళ్లు మూసుకుని తీసుకోవద్దు. మీరు కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే హక్కు ఉంటే, ఆ పన్ను బీమా ఖర్చు కాదు. అది పన్ను ఖాతాలోకి వెళ్లాలి, మిగిలిన ప్రీమియాన్నే నెలలకు పంచాలి. ఆ హక్కు లేకపోతే పన్ను కూడా రక్షణ కోసం చెల్లించిన ధరలో భాగమే కనుక దాన్ని ప్రీమియంతో కలిపి పంచండి. ఆలస్యంగా కట్టినందుకు పడిన వడ్డీ లేదా జరిమానాకు మాత్రం రాబోయే నెలల రక్షణతో సంబంధం లేదు, దాన్ని ఏ నెలకు చెందితే ఆ నెల ఖర్చుగానే రాయండి. మన ఉదాహరణలోని 43,800 ఇవన్నీ తీసేసిన తర్వాత మిగిలిన మొత్తం.

2. పాలసీ రోజులు లెక్కపెట్టండి

ముగింపు తేదీలోంచి ప్రారంభ తేదీని తీసేసి, ఒకటి కలపండి. మన పాలసీకి 365 వస్తుంది. ఫిబ్రవరి 29 పాలసీ కాలంలో పడితే 366 వస్తుంది. ఉదాహరణకు 2023 ఆగస్టు 11 నుంచి 2024 ఆగస్టు 10 వరకు నడిచిన పాలసీకి 366 రోజులు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పాలసీ పత్రాలలో ముగింపు కూడా ప్రారంభ తేదీనే చూపుతుంది: ఆగస్టు 11 అర్ధరాత్రి 12:01 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 11 అర్ధరాత్రి 12:01 వరకు అని. ఆ చివరి ఆగస్టు 11న మీకు ఒక్క నిమిషమే రక్షణ ఉంటుంది, రోజంతా కాదు. దాన్ని అలాగే లెక్కలోకి తీసుకుంటే ఫిబ్రవరి 29 లేని ఏడాదిలో కూడా 366 రోజులు వస్తాయి. అలాంటి పత్రం చేతికి వస్తే ముగింపు తేదీగా ఆగస్టు 10 రాయండి. లెక్కలో 366 కనిపించిన ప్రతిసారీ ఫిబ్రవరి 29 పాలసీ కాలంలో ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి.

మన ఉదాహరణలో రోజుకు పడే ఖర్చు 43,800 ÷ 365, అంటే 120.

3. చెల్లింపును ఆస్తిగా రాయండి

జూలై 29న చిట్టాలో వేయవలసిన పద్దు ఇది:

- ముందుగా చెల్లించిన బీమా ఖాతా, డెబిట్: 43,800
- బ్యాంకు ఖాతా, క్రెడిట్: 43,800

జూలై నెలకు బీమా ఖర్చు ఏమీ లేదు. డబ్బు వెళ్లింది కానీ రక్షణ ఇంకా మొదలుకాలేదు. చెల్లించిన రోజు నుంచే ఖర్చు రాయడం మొదలుపెట్టడం నేను అందరికంటే ఎక్కువగా చూసే పొరపాటు. రసీదు మీద పెద్ద అక్షరాలతో కనిపించేది చెల్లింపు తేదీయే కావడం దానికి కారణం కావచ్చు.

వివరణ రాసేటప్పుడు “బీమా చెల్లించాం” అని ఒక్క ముక్కలో వదిలేయకుండా పాలసీ సంఖ్య, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ మూడూ రాయండి. ఆరు నెలల తర్వాత ఆ నిల్వ దేనిదని ఎవరైనా అడిగినప్పుడు పాత కాగితాలు వెతికే పని తప్పుతుంది.

4. నెలవారీ పట్టిక తయారు చేయండి

స్ప్రెడ్‌షీట్‌లో B1 గడిలో ప్రీమియం, B2లో ప్రారంభ తేదీ, B3లో ముగింపు తేదీ రాయండి. ఆరో వరుసలో శీర్షికలు పెట్టి, A7 గడిలో డబ్బు చెల్లించిన నెల మొదటి తేదీ రాయండి. మన ఉదాహరణలో అది 2024 జూలై 1. తర్వాత ఈ సూత్రాలు వేయండి:

```
B4:  =B3-B2+1
B7:  =EOMONTH(A7,0)
C7:  =MAX(0,MIN(B7,$B$3)-MAX(A7,$B$2)+1)
D7:  =ROUND($B$1*SUM(C$7:C7)/$B$4,2)
E7:  =ROUND(D7-SUM(E$6:E6),2)
F7:  =$B$1-D7
A8:  =EDATE(A7,1)
```

B7 నుంచి F7 వరకు ఉన్న సూత్రాలను, A8లోని సూత్రాన్ని పాలసీ ముగిసే నెల వరకు కిందికి లాగండి. C నిలువు వరుసలో ఆ నెలకు చెందిన పాలసీ రోజులు, Dలో అప్పటివరకు అయిన మొత్తం ఖర్చు, Eలో ఆ నెల ఖర్చు, Fలో మిగిలిన ముందస్తు నిల్వ వస్తాయి.

నెల ఖర్చును నేరుగా లెక్కించకుండా, ముందు మొత్తం ఖర్చును లెక్కించి అందులోంచి పాత నెలల ఖర్చును తీసేయడం కొంచెం చుట్టు తిరిగినట్టు అనిపించవచ్చు. ఇలా చేయడానికి కారణం ఉంది. ప్రీమియం 50,000 అనుకోండి. రోజుకు 136.986 చొప్పున వస్తుంది. దాన్ని 136.99కి సరిచేసి 365తో గుణిస్తే 50,001.35 అవుతుంది. అంటే చెల్లించిన దానికంటే 1.35 ఎక్కువ ఖర్చు రాసి, చివరికి ఆస్తి ఖాతాలో క్రెడిట్ నిల్వ మిగిల్చినట్టు. పై సూత్రాలలో ప్రతి నెల తేడా మరుసటి నెలలోనే సర్దుకుంటుంది కనుక చివరి నెలలో నిల్వ కచ్చితంగా సున్నాకు వస్తుంది.

మన ఉదాహరణకు పట్టిక ఇలా ఉంటుంది:

| నెల | రోజులు | నెల ఖర్చు | మిగిలిన నిల్వ |
|---|---|---|---|
| 2024 జూలై | 0 | 0 | 43,800 |
| ఆగస్టు | 21 | 2,520 | 41,280 |
| సెప్టెంబరు | 30 | 3,600 | 37,680 |
| అక్టోబరు | 31 | 3,720 | 33,960 |
| నవంబరు | 30 | 3,600 | 30,360 |
| డిసెంబరు | 31 | 3,720 | 26,640 |
| 2025 జనవరి | 31 | 3,720 | 22,920 |
| ఫిబ్రవరి | 28 | 3,360 | 19,560 |
| మార్చి | 31 | 3,720 | 15,840 |
| ఏప్రిల్ | 30 | 3,600 | 12,240 |
| మే | 31 | 3,720 | 8,520 |
| జూన్ | 30 | 3,600 | 4,920 |
| జూలై | 31 | 3,720 | 1,200 |
| ఆగస్టు | 10 | 1,200 | 0 |

ఏడాది పాలసీయే అయినా ఖర్చు పదమూడు నెలల్లో పడిందని గమనించండి. నెల మధ్యలో మొదలైన ప్రతి పాలసీకీ ఇంతే. పన్నెండు వరుసలతో పట్టిక ముగించేవారికి చివరి పది రోజుల 1,200 ఖాతాలో అలాగే నిలిచిపోతుంది.

ప్రత్యామ్నాయం: సమాన నెలవారీ వాటాలు. రోజుల లెక్క వద్దనుకుంటే 43,800ను పన్నెండుతో భాగించి నెలకు 3,650 చొప్పున రాయవచ్చు. అప్పుడు మొదటి నెలను ఏం చేయాలో ముందే నియమం పెట్టుకోవాలి. పాలసీ 15వ తేదీలోపు మొదలైతే ఆ నెలను పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం, ఆ తర్వాత మొదలైతే మరుసటి నెల నుంచి మొదలుపెట్టడం చాలాచోట్ల పాటించే పద్ధతి. మన పాలసీ 11న మొదలైంది కాబట్టి ఆగస్టును కలుపుకుంటే డిసెంబరు ఆఖరుకు ఐదు నెలల ఖర్చు 18,250 అవుతుంది. రోజుల లెక్కలో అది 17,160. తేడా 1,090. మీ వ్యాపారం పరిమాణానికి ఈ తేడా లెక్కలోకి రానిదైతే సమాన వాటాలతో ఇబ్బంది లేదు. అయితే నియమం అన్ని పాలసీలకూ, అన్ని సంవత్సరాలకూ ఒకటే ఉండాలి. ఈ ఏడాది లాభం ఎక్కువ కనిపించాలని ఒక నియమం, వచ్చే ఏడాది మరొకటి పాటించడం కుదరదు. స్ప్రెడ్‌షీట్ ఎలాగూ లెక్క తానే కడుతుంది కాబట్టి, నా సలహా అయితే రోజుల పద్ధతే.

5. ప్రతి నెలాఖరున సర్దుబాటు పద్దు వేయండి

ఆగస్టు 31న:

- బీమా ఖర్చు ఖాతా, డెబిట్: 2,520
- ముందుగా చెల్లించిన బీమా ఖాతా, క్రెడిట్: 2,520

సెప్టెంబరులో ఇదే పద్దు 3,600తో, అక్టోబరులో 3,720తో వేస్తారు. మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నెలా దానంతటదే పడే పద్దును అమర్చుకునే సౌకర్యం ఉంటే వాడుకోవచ్చు, కానీ దానికి ముగింపు తేదీ తప్పక పెట్టండి. ముగింపు లేని పద్దు పాలసీ అయిపోయాక కూడా నెలనెలా పడుతూ, ఆస్తి ఖాతాను క్రెడిట్ నిల్వలోకి నెట్టేస్తుంది. పైగా అలాంటి పద్దు సాధారణంగా ప్రతి నెలా ఒకే మొత్తం వేస్తుంది కనుక సమాన వాటాల పద్ధతికే బాగా నప్పుతుంది.

6. సంవత్సరాంతంలో నిల్వను నిర్ధారించండి

డిసెంబరు 31 నాటికి 143 రోజులు గడిచాయి. లాభనష్టాల ఖాతాలో కనిపించవలసిన బీమా ఖర్చు 17,160. ఇంకా 222 రోజుల రక్షణ మిగిలి ఉంది కనుక ఆస్తి అప్పుల పట్టీలో ముందుగా చెల్లించిన బీమా 26,640గా కనిపించాలి. రెండూ కలిపితే 43,800 రావాలి. నెలనెలా పద్దులు వేస్తూ వచ్చినవారు సంవత్సరాంతంలో ప్రత్యేకంగా చేయవలసిందేమీ ఉండదు. నిల్వ దానంతటదే మరుసటి సంవత్సరానికి వెళ్తుంది, జనవరిలో మళ్లీ 3,720తో పద్దు కొనసాగుతుంది.

ఒకేసారి రెండు మూడేళ్లకు ప్రీమియం కట్టినవారు మాత్రం మరో విభజన చేయవలసి రావచ్చు. సంవత్సరాంతం నుంచి పన్నెండు నెలల్లోపు ఖర్చు కాబోయే భాగాన్ని ప్రస్తుత ఆస్తిగా, ఆ తర్వాతి భాగాన్ని దీర్ఘకాలిక ఆస్తిగా విడివిడిగా చూపాలి.

మొత్తం ప్రీమియాన్ని ఇప్పటికే ఖర్చులో రాసేసి ఉంటే

జూలైలోనే 43,800ను బీమా ఖర్చు ఖాతాకు డెబిట్ చేసి, డిసెంబరులో గానీ గుర్తుకు రాలేదనుకోండి. పాత పద్దును చెరపవలసిన పని లేదు. డిసెంబరు 31న మిగిలిన 222 రోజుల భాగాన్ని వెనక్కి తీసుకురండి:

- ముందుగా చెల్లించిన బీమా ఖాతా, డెబిట్: 26,640
- బీమా ఖర్చు ఖాతా, క్రెడిట్: 26,640

ఖర్చు ఖాతాలో 17,160 మిగులుతుంది. సంవత్సరానికి లెక్క సరిపోతుంది, కానీ జూలై నెల నివేదికలో మాత్రం ఖర్చు ఉబ్బి కనిపిస్తూనే ఉంటుంది. నెలవారీ నివేదికలు ఎవరికైనా ఇస్తూ ఉంటే ఆ మాట వారికి చెప్పండి.

కొత్త సంవత్సరంలో రెండు దారులున్నాయి. జనవరి 1న ఆ 26,640ను ఒకేసారి తిరిగి ఖర్చులోకి మళ్లించవచ్చు, లేదా పట్టిక ప్రకారం నెలనెలా ఖర్చు రాయవచ్చు. రెండింటిలో ఒక్కటే చేయాలి. జనవరి 1న ఒకరు పూర్తిగా మళ్లించి, అది తెలియని మరొకరు నెలవారీ పద్దులు కూడా వేస్తూ పోతే, ఒకే ప్రీమియం రెండుసార్లు ఖర్చులో పడుతుంది. ముందస్తు బీమా ఖాతాలో క్రెడిట్ నిల్వ కనిపించినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే.

7. మధ్యలో పాలసీ మారితే

డిసెంబరు 1న కొత్త యంత్రాన్ని పాలసీలో చేర్చి, పాలసీ మిగిలిన కాలానికి అదనంగా 5,060 కట్టారనుకోండి. దాన్ని పాత ప్రీమియంతో కలిపి మొత్తం పట్టికను తిరగరాయకండి. అలా చేస్తే అప్పటికే ముగిసిన ఆగస్టు నుంచి నవంబరు వరకు నెలల ఖర్చు మారిపోతుంది. డిసెంబరు 1 నుంచి ఆగస్టు 10 వరకు 253 రోజులు ఉన్నాయి, రోజుకు 20. దీనికి వేరే పట్టిక వేసి, డిసెంబరులో 620 అదనపు ఖర్చు రాయండి. పాత పట్టికను ముట్టుకోనక్కర్లేదు.

పాలసీ రద్దయితే నిల్వ మొత్తం తిరిగి వస్తుందని అనుకోకండి. మార్చి 31తో రక్షణ ఆగిపోయిందనుకుందాం. మీ పుస్తకాల్లో నిల్వ 15,840. రోజుల దామాషా కంటే తక్కువే తిరిగి ఇచ్చే నిబంధన పాలసీలో ఉండి, బీమా సంస్థ 14,000 మాత్రమే ఇస్తే పద్దు ఇలా ఉంటుంది:

- బ్యాంకు ఖాతా, డెబిట్: 14,000
- బీమా ఖర్చు ఖాతా, డెబిట్: 1,840
- ముందుగా చెల్లించిన బీమా ఖాతా, క్రెడిట్: 15,840

వచ్చిన 14,000ను మాత్రమే నిల్వలోంచి తీసేసి వదిలేస్తే, లేని పాలసీ మీద 1,840 ఆస్తి మిగిలిపోతుంది. దాన్ని తర్వాతి నెలలకు పంచడం కూడా తప్పే, ఆ నెలల్లో మీకు రక్షణ లేదు కదా.

పాలసీ పునరుద్ధరణ సమయంలో మరో గందరగోళం వస్తుంది. 2025 జూలై చివర కొత్త ఏడాది ప్రీమియం కట్టేసరికి పాత పాలసీది ఇంకా కొంత నిల్వ ఉంటుంది. రెండూ ఒకే ఖాతాలో ఉన్నా ఫర్వాలేదు, పట్టికలు మాత్రం వేరువేరుగా ఉండాలి. ఆ ఆగస్టులో పాత పాలసీ నుంచి 10 రోజులు, కొత్తదాని నుంచి 21 రోజులు ఖర్చులో పడాలి.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

పట్టికను పట్టికతోనే పోల్చి చూస్తే తప్పు బయటపడదు. తేదీ తప్పుగా రాసి ఉంటే సూత్రాలన్నీ ఆ తప్పునే నమ్మకంగా కొనసాగిస్తాయి. అందుకని పాలసీ పత్రాన్ని చేతిలోకి తీసుకుని, నెలాఖరు తేదీ నుంచి పాలసీ ముగిసే తేదీ వరకు ఎన్ని రోజులు మిగిలాయో విడిగా లెక్కపెట్టండి. మార్చి 31 తర్వాత ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టు 10 కలిపి 132 రోజులు. 132ను 120తో గుణిస్తే 15,840. ఆవర్జాలో నిల్వ కూడా అంతే ఉండాలి. పాలసీలు ఎక్కువ ఉంటే ప్రతి పాలసీ నిల్వనూ ఇలాగే తేల్చి, వాటి మొత్తాన్ని ఆవర్జా నిల్వతో పోల్చండి.

తేడా వస్తే దాని పరిమాణమే చాలాసార్లు కారణాన్ని చెప్పేస్తుంది. సరిగ్గా 120 తేడా ఉంటే ఒక రోజు ఎక్కువో తక్కువో పడింది, ప్రారంభ లేదా ముగింపు తేదీని లెక్కలోకి తీసుకోవడంలో పొరపాటు ఉంది. ఒక నెల ఖర్చంత తేడా ఉంటే ఆ నెల పద్దు పడలేదు లేదా రెండుసార్లు పడింది. నెల ఖర్చుకు సరిగ్గా రెట్టింపు తేడా ఉంటే డెబిట్, క్రెడిట్ తారుమారయ్యాయేమో చూడండి. అలా జరిగితే ఆ నెలలో నిల్వ తగ్గడానికి బదులు పెరిగి ఉంటుంది, అందుకే ఖాతాను నెలల వరుసలో ఒకసారి చదివితే వెంటనే కనబడుతుంది.

చివరగా పాలసీ ముగిసిన నెల నిల్వ చూడండి. 2025 ఆగస్టు 31న ఈ పాలసీ పేరున సున్నా తప్ప మరేదీ ఉండకూడదు. ఏదైనా మిగిలి ఉంటే దాన్ని కొత్త పాలసీ నిల్వలో కలిపేయకుండా, అది ఏ నెలలో తప్పిన మొత్తమో కనుక్కుని, ఆగస్టు ఖర్చులోనే సర్దుబాటు చేసి, వివరణలో కారణం రాయండి.